విభీషణుడికి మార్కులు వేసేముందు

అమ్మాయ్,

రామాయణం మీద పిల్లల కోసం నువ్వు రాసి పంపిన పాత్ర స్వభావం ప్రశ్నలన్నీ చదివాను. బొమ్మలెవరితో వేయించాలి, ఏ పబ్లిషర్ అయితే బాగుంటుంది అని కూడా అడిగావు, అవి తర్వాత చూద్దాంలే. ముందు నాకు ఒళ్ళు మండిన సంగతి చెప్తా. "విభీషణుడు మంచివాడా, చెడ్డవాడా?" అని అడిగి, కిందనే "మంచివాడు, ధర్మం వైపు నిలిచాడు" అని జవాబూ నువ్వే రాసిపెట్టావు. ఆ పక్కనే కుంభకర్ణుడికి "అతినిద్ర వల్ల నష్టాలేమిటి?" అట! ఏడో తరగతి పిల్లాడు పాఠం తెరవకుండానే ఈ రెండూ రాసేస్తాడు కదమ్మా. క్లాసులో పేపర్లన్నీ ఒకే జవాబుతో వచ్చాయంటే పిల్లలకి బాగా అర్థమైందని కాదు, ప్రశ్నలోనే జవాబు పెట్టేశామని.

యుద్ధకాండ ఇంకోసారి తియ్యి. కుంభకర్ణుణ్ణి నిద్రలేపి తీసుకొస్తే వాడు ముందు చేసిన పనేంటి? అన్నని నిలదీశాడు. చేసేముందు మంత్రులతో ఆలోచించాల్సింది కదా, విభీషణుడు చెప్పిందే మంచిమాట కదా అన్నాడు. రావణుడికి కోపమొచ్చింది, జరిగిందేదో జరిగింది, నామీద ప్రేముంటే ఇప్పుడు సాయం చెయ్యి అన్నాడు. అప్పుడు అన్నని ఓదార్చి యుద్ధానికి వెళ్ళాడు. అంటే తప్పు అన్నదేనని తమ్ముళ్ళిద్దరికీ తెలుసు, ఒకడు వెళ్ళిపోయాడు, ఒకడు ఉండిపోయాడు. ఇంత మెలిక వదిలేసి నిద్ర గురించి అడుగుతావా?

పోనీ విభీషణుడు హాయిగా వెళ్ళాడా అంటే అదీ లేదు. సుగ్రీవుడు వీణ్ణి నమ్మొద్దన్నాడు. తర్వాత ఇంద్రజిత్తుతో యుద్ధమప్పుడు విభీషణుడే, వీణ్ణి చంపాలనే ఉంది కానీ కన్నీళ్ళు అడ్డొచ్చి కళ్ళు కనపడట్లేదు అంటాడు. అన్న కొడుకు కదా మరి. "విభీషణుడు సరైన పనే చేశాడనుకుంటే మరి ఈ కన్నీళ్ళెందుకు?" అని అడుగు. ఇదొక్కటి చాలు ఏడో తరగతికి.

నేనెప్పుడూ పట్టుకుని వేలాడే మాట ఇదే, పాత్ర స్వభావం ప్రశ్న ఎప్పుడూ పాత్ర నిర్ణయం తీసుకునే ముందు క్షణంలో ఆగాలి. అప్పటికి వాడికి ఏం తెలుసు, ఉంటే ఏం పోతుంది, వెళ్తే ఏం పోతుంది. రాముడు గెలుస్తాడని మనకి తెలుసు, విభీషణుడికి తెలీదు. ఈ మాటంటే ఒక పత్రికలో పిల్లల పేజీ చూసే ఎడిటర్‌గారు "మాస్టారూ, పిల్లల్ని కన్‌ఫ్యూజ్ చెయ్యకండి, ప్రశ్నకి జవాబు ఒకటే ఉండాలి" అని నా ప్రశ్నలన్నీ కొట్టేసి "నీతి ఏమిటి?" అని ఒక్కటి వేసుకున్నాడు. ఇప్పుడేమో ఆ నీతి కాలమ్‌కి బొమ్మలు, క్విజ్‌లు తగిలించి అదే కొత్త పద్ధతి అంటున్నారు.

భారతంలోనూ ఇలాగే ఒకడు ఉండిపోయి, ఒకడు వెళ్ళిపోయిన తమ్ముళ్ళ జంట ఉంది, నువ్వు ముట్టుకోలేదు. ద్రౌపది సభలో ప్రశ్న అడిగితే పెద్దలు జవాబు చెప్పలేక నీళ్ళు నమిలారు, అప్పుడు దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు లేచాడు. ధర్మరాజు తన్ను తాను ఓడాక ఆవిణ్ణి పందెం పెట్టాడు, ఆవిడ ఐదుగురికీ భార్య, పైగా పందెం పెట్టమన్నది శకుని, కాబట్టి ఆవిడ ఓడినట్టు కాదు అన్నాడు. కర్ణుడు వాడికి చిన్నపిల్లాడివని చివాట్లు పెట్టాడు. అలా మాట్లాడినవాడు యుద్ధంలో మాత్రం అన్న వైపే నిలబడి భీముడి చేతిలో చచ్చిపోయాడు, చంపిన భీముడే బాధపడ్డాడు. యుయుత్సుడు కూడా ధృతరాష్ట్రుడి కొడుకే, కానీ గాంధారి కొడుకు కాదు. యుద్ధం మొదలయ్యే ముందు మా వైపు వచ్చేవాళ్ళెవరైనా ఉన్నారా అని ధర్మరాజు పిలిస్తే అటు నడిచాడు, బతికాడు.

ఇది క్లాసులో ఇలా నడుపు. ఆరో తరగతికి, వికర్ణుడు చెప్పిన కారణాలు సొంత మాటల్లో రాయమను, అంతే. ఏడుకి, అంత ధైర్యంగా మాట్లాడినవాడు యుద్ధం రోజు అన్న వైపే ఎందుకు ఉండిపోయాడో ఊహించమను, కానీ కథలోంచి ఒక్క ఆధారమైనా చూపించాలి, లేకపోతే సినిమా డైలాగులు రాసేస్తారు. ఎనిమిదికి, యుయుత్సుడు గాంధారి కొడుకు కాకపోవడం వల్ల వెళ్ళడం తేలికైందా అని అడుగు. మా స్కూల్లో ఒక పిల్ల దీనికి "తేలికే సార్, ఉన్నా వాళ్ళింట్లో సగమే కదా" అని రాసింది. వెనక బెంచీ పిల్లాడు మాత్రం "సగం చుట్టం కాబట్టే ద్రోహి అని ముందు వాణ్ణే అంటారు, ఇంకా కష్టం" అన్నాడు. ఇద్దరికీ ఫుల్ మార్కులు వేశాను, హెడ్‌మాస్టారు పిలిచి కీ ఏదని అడిగారు.

నువ్వూ కీ ఇవ్వకు. టీచర్‌కి కావాలంటే ఏ ఘట్టంలో ఆధారం దొరుకుతుందో రాసిపెట్టు, చాలు. ఒక్క జాగ్రత్త, "నువ్వైతే ఏం చేస్తావు?" అనే ప్రశ్న మొదట్లోనే పెట్టకు, పిల్లలు టీచర్ మొహం చూసి ఆవిడకి నచ్చేది రాస్తారు. ఇద్దరన్నదమ్ముల వాదనా రాయించాక అడుగు. అన్నట్టు సీత మీద నువ్వు రాసిన ప్రశ్న బానే ఉంది. కుంభకర్ణుడిది మాత్రం మార్చి పంపు, నిద్ర తీసెయ్.

మీ మాస్టారు