అగరబత్తీల తయారీలో పని పంచుకుంటే ఎంత పెరుగుతుంది, ఎక్కడ ఆగుతుంది

ప్రశ్న: డిగ్రీ ఎకనామిక్స్‌లో శ్రమ విభజన చదువుతున్నాను. పుస్తకంలో ఉన్నది గుండుసూదుల ఉదాహరణ ఒక్కటే. మన దగ్గర అగరబత్తీల యూనిట్ లాంటి చిన్న చోట తలా ఒక పని పంచుకుంటే నిజంగా ఉత్పత్తి అంత పెరుగుతుందా? పెరిగితే దేనివల్ల, ఎంతవరకు?

జవాబు:

పెరుగుతుంది. అయితే మనుషుల్ని వరసగా కూర్చోబెట్టగానే పెరగదు. వరసలో అన్నిటికంటే నెమ్మదైన పని ఏదో దాని వేగమే మొత్తం లైను వేగం. దాన్ని పట్టుకుని సరిచేయకపోతే పని పంచినా పెద్దగా మిగిలేదేమీ ఉండదు.

ముందు చేత్తో చుట్టే పద్ధతి చూడండి. కలిపిన పిండి, ఏరిన పుల్లలు పక్కన పెట్టి ఇస్తే చెయ్యి తిరిగిన మనిషి పీట మీద రోజుకు 4,000 నుంచి 5,000 బత్తీలు చుట్టేస్తుంది. పొడి జల్లించడం, కలపడం, ఆరబెట్టడం, సెంటులో ముంచడం, ప్యాకెట్ కట్టడం కూడా ఆమే చేయాలంటే ఆ సంఖ్య బాగా పడిపోతుంది. ఇక్కడ ఎక్కువ సమయం తినేసేది చేతులు కడుక్కోవడం. బొగ్గుపొడి అంటిన చేత్తో ప్రింటు వేసిన కవరు ముట్టుకోకూడదు, మల్లె సెంటు అంటిన చేత్తో చందనం కట్ట ముట్టుకోకూడదు. పని మారిన ప్రతిసారీ కడగాలి, తుడవాలి, చోటు మారాలి. పని పంచుకుంటే ఉత్పత్తి ఎందుకు పెరుగుతుందో మీ గుండుసూదుల ఉదాహరణతో 1776లో ఆడమ్ స్మిత్ చెప్పిన మూడు కారణాల్లో రెండోది ఇదే, ఒక పని నుంచి మరో పనికి మారేటప్పుడు పోయే సమయం. మొదటిది చేతికి అలవాటు పెరగడం. మూడోది యంత్రం పుట్టడం. చుట్టడం ఒక్కటే విడిగా తీసి చూస్తే అది ఒకే కదలిక. పిండిని సన్నని నాజిల్ గుండా ఒత్తుతూ మధ్యలోకి పుల్లను నెట్టాలి, అంతే. అందుకే దానికి యంత్రం వచ్చింది. తయారీ మొత్తాన్ని చేసే యంత్రం అంత తేలిగ్గా రాదు.

ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2020లో అగరబత్తీ పథకం ప్రకటించినప్పుడు వేసిన అంచనా ప్రకారం ఒక ఆటోమేటిక్ యంత్రం రోజుకు సుమారు 80 కిలోలు తీస్తుంది, నలుగురికి పని ఇస్తుంది. పొడి కలిపే యంత్రం మాత్రం 5 బత్తీ యంత్రాలకు ఒకటి, దాని దగ్గర ఇద్దరు. ఈ 5కు 1 అన్న నిష్పత్తి పరీక్షలో రాయదగ్గ పాయింటు. ఒక్క యంత్రమే ఉంటే పొడి కలిపే మనిషి రోజులో చాలాభాగం ఖాళీగా కూర్చోవాలి, లేదంటే వేరే పని కూడా చేయాలి. అయిదు ఉంటే అతనికి రోజంతా అదే పని దొరుకుతుంది, చెయ్యి కూడా కుదురుతుంది. అంటే ఎంత విడదీయగలమనేది ఎంత తయారుచేస్తున్నామనే దాని మీద ఉంటుంది. ఎంత తయారుచేస్తామనేది ఎంత అమ్ముడవుతుందనే దాని మీద ఉంటుంది.

ఇప్పుడు లెక్క. 8 అంగుళాల బత్తీ సుమారు ఒక గ్రాము తూగుతుంది అనుకుందాం. 80 కిలోలంటే 80,000 బత్తీలు, 8 గంటల్లో గంటకు 10,000. ఇవి ఆరి, సెంటు పట్టి ప్యాకింగ్ బల్ల మీదకు వస్తాయి. ప్యాకెట్‌కు 20 బత్తీలు. బల్ల దగ్గర నలుగురు ఉన్నారు. సమయాలు ఉదాహరణకు తీసుకున్నవే, మీ దగ్గర స్టాప్‌వాచ్ పెట్టి కొలుచుకోండి.

నలుగురూ ఎవరి ప్యాకెట్ వాళ్లే మొదటి నుంచి చివరిదాకా చేస్తే ఒక్కోదానికి 40 సెకన్లు. ఒక్కొక్కరు గంటకు 90, నలుగురూ కలిసి 360 ప్యాకెట్లు.

ఇక పని విడదీద్దాం. తూకం వేసి 20 బత్తీలు తీయడానికి 7 సెకన్లు, కవరు నోరు తెరిచి నింపడానికి 9, సీలు వేయడానికి 5, పెట్టెలో పెట్టి మూయడానికి 7. కలిపితే 28 సెకన్లు. 40 నుంచి 28కి తగ్గింది కదా, ఉత్పత్తి బాగా పెరగాలి అనిపిస్తుంది. కానీ బల్ల చివర 9 సెకన్లకు ఒక ప్యాకెట్ మాత్రమే దిగుతుంది, ఎందుకంటే నింపే మనిషికి 9 పడుతోంది. గంటకు 400. ఇంత హడావిడి చేస్తే పెరిగింది 11 శాతం. సీలు వేసే మనిషి ప్రతి ప్యాకెట్‌కూ 4 సెకన్లు ఊరికే ఎదురుచూస్తోంది. గంటకు 400 ప్యాకెట్లంటే 8,000 బత్తీలు. యంత్రం 10,000 ఇస్తోంది. రోజు ముగిసేసరికి 16,000 బత్తీలు, అంటే 16 కిలోలు, ప్యాకింగ్ కాకుండా మిగిలిపోతాయి.

చాలామంది ఇక్కడ అయిదో మనిషిని పెడతారు, అక్కర్లేదు. నింపే 9 సెకన్లలో 2 సెకన్లు కవరు నోరు తెరవడానికే పోతున్నాయి. ఆ పని సీలు వేసే మనిషికి ఇవ్వండి. ఖాళీ దొరికినప్పుడు కవర్లు తెరిచి పక్కమనిషి ముందు పేర్చిపెడుతుంది. అప్పుడు నింపడం 7, సీలు 7, మిగతా రెండూ 7. గంటకు 514 ప్యాకెట్లు, 10,280 బత్తీలు. అదే నలుగురు, అదే జీతం, యంత్రంతో సమానంగా నడుస్తున్నారు. పని ఎన్ని ముక్కలైందన్నది కాదు, ముక్కలు సమానంగా ఉన్నాయా అన్నది చూడాలి.

పాఠాల్లో అంతగా కనిపించని చిక్కు ఇంకొకటి ఉంది. పని విడిపోతే తప్పు చేసే మనిషి ఒకరు, అది కనిపించే మనిషి ఇంకొకరు అవుతారు. అగరబత్తీల్లో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే మధ్యలో ఆరబెట్టే దశ ఉంది. నీడపట్టున ఒకటి రెండు రోజులు పడుతుంది, వర్షాకాలంలో ఇంకా ఎక్కువ. ఈ రోజు పొడిలో నీళ్లు ఎక్కువైతే ఎల్లుండి ఏరేటప్పుడు గానీ బయటపడదు. అప్పటికి అదే కలపడంతో ఇంకో 160 కిలోలు ట్రేల మీద ఆరుతూ ఉంటాయి.

అందుకే లైను మొత్తంలో పొడి కలిపేది అత్యంత నేర్పున్న పని. పదికిలోల పొడిలో ఉదాహరణకు 4 కిలోల బొగ్గు, 3.5 కిలోల చెక్కపొడి, 2.5 కిలోల జిగట్ ఉంటాయి. జిగట్ అంటే నరమామిడి బెరడు పొడి, బత్తీని పట్టి ఉంచే జిగురు అదే. దాని నాణ్యతను బట్టి పాళ్లు మారతాయి. నీళ్లు 4 లీటర్ల దగ్గర్లో ఉంటాయి. వానాకాలంలో చెక్కపొడే తేమ పీల్చుకుని ఉంటుంది కాబట్టి తగ్గించాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, అరచేతికి అంటకూడదు, విరిస్తే పొడి రాలకుండా రెండుగా విరగాలి. ఇది కాగితం మీద రాసిస్తే వచ్చే విద్య కాదు. కాబట్టి ప్యాకింగ్ బల్ల దగ్గర రెండు గంటలకోసారి మనుషుల్ని మార్చండి, మణికట్టు నొప్పులు తగ్గుతాయి. పొడి దగ్గర మాత్రం మార్చకండి. అక్కడ మాస్కు తప్పనిసరి.

ఏ తప్పు ఎక్కడ పుట్టిందో బత్తీని చూసి చెప్పొచ్చు. పెట్టె అడుగున నల్లపొడి రాలి ఉంటే జిగట్ తగ్గింది. వెలిగించాక మధ్యలో ఆరిపోతుంటే జిగట్ ఎక్కువైంది, లేదా తడి పూర్తిగా పోలేదు. పిండి పగిలి పుల్ల బయటికి కనిపిస్తుంటే నీళ్లు తక్కువ. ట్రేలో అన్నీ ఒకే వైపు వంగితే కలపడం తప్పు కాదు, ఎర్రటి ఎండలో పెట్టి తిప్పకుండా వదిలేశారు. సెంటు సరిపడా వాడినా వాసన పలచగా ఉంటే బత్తీ పచ్చిగా ఉన్నప్పుడే ముంచారు, తడి ఉన్న చోట నూనె ఇంకదు. ఇవన్నీ చివరికి ప్యాకింగ్ వాళ్ల చేతిలో తేలతాయి, తిట్లూ వాళ్లే తింటారు. మందు చాలా సులువు. ప్రతి ట్రేకి తేదీ, ఏ విడత పొడి, ఏ యంత్రం అని చీటీ కట్టాలి. ప్రతి విడతలో మొదటి పది బత్తీలు తీసి త్వరగా ఆరబెట్టి, విరిచి చూసి, వెలిగించి చూడాలి. ఎల్లుండి తెలిసేది ఈ పూటే తెలుస్తుంది.

జీతం లెక్క కూడా ఇందులో భాగమే. యంత్రం దగ్గర మనిషికి కిలోకి ఇంత అని ఇచ్చి పచ్చి బత్తీనే తూకం వేస్తే, నీళ్లు ఎక్కువ పోయమని పొడి కలిపే మనిషిని అడగడం మొదలవుతుంది. నీటికీ బరువుంది, పైగా జారుగా ఉంటే యంత్రం ఆగకుండా నడుస్తుంది. యంత్రం దగ్గర మనిషి కూలి పెరుగుతుంది, వంకర బత్తీలూ పెరుగుతాయి. ఆరాక, వంకరవి ఏరాక తూకం వేయండి, ఈ గొడవ ఉండదు.

మరీ పెద్ద స్థాయిలో చూస్తే ఇదే విభజన ఊళ్ల మధ్య కూడా ఉంది. వెదురు పుల్లలు త్రిపుర వైపు నుంచి వస్తాయి, సెంటు వేయని బత్తీ పల్లెల్లో తయారవుతుంది, సెంటు పట్టించి బ్రాండు వేయడం బెంగళూరు, మైసూరుల్లో ఎక్కువగా జరుగుతుంది.

వారానికి 20 కిలోల ఆర్డరే ఉన్నవాళ్లకు ఈ లైను అక్కర్లేదు. ఇద్దరు చాలు. పనిని మనుషుల మధ్య కాకుండా రోజుల మధ్య పంచుకోవాలి. సోమవారం కలపడం, యంత్రం, ఆరబెట్టడం. బుధవారం సెంటు. గురువారం ప్యాకింగ్. చేతులు కడుక్కోవడం రోజుకు పదిసార్ల నుంచి రెండుసార్లకు తగ్గుతుంది. ఒక మనిషి రాకపోయినా పని ఆగదు, నలుగురి బల్ల దగ్గరైతే ఒక్కరు సెలవు పెట్టినా మిగతా ముగ్గురూ పక్కపని నేర్చుకుని ఉంటే తప్ప నడవదు.