ఎక్కడ ఆగాలో చెబుతాను

చి. స్వాతికి ఆశీస్సులు.

వచ్చే నెల ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష రాస్తున్నావని, ఇంగ్లండులో నర్సు ఉద్యోగానికి ప్రయత్నిస్తావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆ సంతోషంలో అన్నం సయించలేదు, భయంతో రాత్రి నిద్ర పట్టలేదు. నా భయం నీ ఇంగ్లీషు గురించి కాదు, నీ తొందర గురించి. చిన్నప్పుడు ఎక్కాలు కూడా రైలు వెళ్లిపోతున్నట్టే అప్పజెప్పేదానివి.

మాట్లాడే పరీక్షలో కార్డు ఇస్తారు, ఒక నిమిషం ఆలోచించుకోనిస్తారు, తర్వాత రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. ఇది నీకు తెలిసిందే.

1984లో లెక్చరర్ ఇంటర్వ్యూకు వెళ్లాను. గడగడా మాట్లాడితేనే ఇంగ్లీషు వచ్చినట్టని నా నమ్మకం. 'ఇన్ ద' అనేసరికి ఊపిరి అయిపోయి ఆగిపోయాను. ఎదురుగా ఉన్న పెద్దాయన 'కాస్త నెమ్మదిగా' అన్నారు. అప్పుడు చేశాను అసలు తప్పు. ఒక్కో మాటనూ విడగొట్టి, మధ్యలో సాగదీస్తూ, ఒకటో తరగతి పిల్లాడు వాచకం చదివినట్టు చెప్పాను. ఉద్యోగం రాలేదు. చాలా ఏళ్లు నా వేగాన్నే తిట్టుకున్నాను. తర్వాత ఒకసారి నా పాఠాన్ని టేప్‌రికార్డర్‌లో వింటే తెలిసింది, తప్పు వేగంలో కాదు, ఆగే చోటులో ఉందని.

మన తెలుగులో 'ఆస్పత్రిలో', 'ఊరికి' అంటాం. విభక్తి మాట చివర ఉంటుంది కాబట్టి దాని తర్వాత ఆగినా ఇబ్బంది లేదు. ఇంగ్లీషులో 'ఇన్', 'టు', 'ఫర్' ముందు వస్తాయి. వాటి తర్వాత ఆగితే చెయ్యి చాచి ఏమీ ఇవ్వనట్టుంటుంది. ఆగితే వాటికి ముందే ఆగాలి. ఇలా:

ఐ వర్క్‌డ్ / ఫర్ త్రీ ఇయర్స్ / ఇన్ ఎ స్మాల్ హాస్పిటల్ / నియర్ మై విలేజ్.

గీతల మధ్య మాటల్ని ఒకే మాటలా కలిపి, నీ మామూలు వేగంతోనే అను. 'ఇన్ ఎ' తేలిగ్గా జారిపోవాలి, బరువు 'హాస్పిటల్' మీద పడాలి. గీత దగ్గర మాత్రం అరక్షణం మౌనం. 'ఆ...', 'అంటే...' అని దాన్ని నింపకు, బుద్ధిమంతురాలా! ఆ మౌనంలోనే తర్వాతి ముక్క వెతుక్కో. మధ్యలో మాట తట్టకపోతే ఆ ఒక్క మాటనే పట్టుకుని వేలాడకు, ముక్క మొదటికి వెళ్లి మళ్లీ అను. ముక్కలన్నీ ఒకే పొడవుంటే పద్యం అప్పజెప్పినట్టుంటుంది, అదీ వద్దు.

రోజూ రెండు నిమిషాలు ఫోనులో రికార్డు చేసుకుని, 'ఇన్', 'టు', 'ద' తర్వాత ఎన్నిసార్లు ఆగావో లెక్కపెట్టు. మొదటి రోజు పది వస్తే ఏడవకు, నాకు అంతకంటే ఎక్కువే వచ్చాయి.

ఆదివారం ఫోన్ చేసి నాతో మాట్లాడు. మీ పెద్దమ్మను కూడా వినమంటాను. ఆమెకు ఇంగ్లీషు రాదు, కానీ నేను పాఠం చెబుతుంటే ఎక్కడ తడబడ్డానో వంటింట్లోంచే పట్టేసేది.

మీ పెదనాన్న