డెన్సిటీ ఆన్సర్‌లో ఎన్ని అంకెలు ఉంచాలి?

ప్రశ్న: కాలిక్యులేటర్‌లో 2.7086956 వచ్చింది, రికార్డులో మొత్తం రాయాలా?

వద్దు, 2.7 g/mL అని రాస్తే చాలు, ఎందుకంటే గుణకారం, భాగహారాల్లో ఆన్సర్‌కి ఉండే సిగ్నిఫికెంట్ ఫిగర్స్ అన్నిటికంటే తక్కువ అంకెలున్న కొలతని బట్టే ఉంటాయి.

ఉదాహరణకి బ్యాలెన్స్ మీద 12.46 g, మెజరింగ్ సిలిండర్‌లో 4.6 mL వచ్చాయనుకోండి, 12.46ని 4.6తో భాగిస్తేనే ఆ 2.7086956 వచ్చింది. సిలిండర్‌లో ఆ చివరి 6 మనం గీతల మధ్య కంటితో అంచనా వేసిందే, అటూ ఇటూ 0.1 తేడా ఉండొచ్చు, అంటే అసలు వాల్యూమ్ 4.5 నుంచి 4.7 దాకా ఎంతైనా కావచ్చు. 12.46ని ఆ రెండిటితో విడివిడిగా భాగించి చూడండి, 2.77, 2.65 వస్తాయి. రెండో అంకె దగ్గరే ఆన్సర్ ఊగుతుంటే ఏడో దశాంశానికి అర్థమే లేదు కదా. అన్‌సర్టెనిటీ కూడా అడిగితే 2.71 ± 0.06 అని రాయండి, అప్పుడు ఇంకో అంకె ఉన్నా తప్పు కాదు, ఎంత నమ్మొచ్చో పక్కనే ఉంది కాబట్టి.

చాలామంది దశాంశాలు ఎక్కువుంటే ఆక్యురసీ ఎక్కువ అనుకుంటారు, అది కరెక్ట్ కాదు. ఇక్కడ ఇంకా మంచి బ్యాలెన్స్ తెచ్చి 12.4603 g అని తూచినా ఆన్సర్ మెరుగవదు, మార్చాల్సింది సిలిండర్‌ని. ఇంకోటి, రౌండింగ్ చివర్లోనే చేయండి, మధ్య స్టెప్పుల్లో కాదు.