మూడింటికీ ఒకే క్రియ సరిపోదు

సందేహం: శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెబుతుంటాను. ‘ట్రాన్స్‌పోజాన్లు, ఇన్సర్షన్ సీక్వెన్సులు, ఇంటిగ్రాన్లు అనే గెంతే జన్యువులు నిరోధక జన్యువులను ఒకచోటికి మోసుకొస్తాయి’ అని నోట్సులో రాసేను. తెలుగు సరిగా ఉందా మాస్టారూ? అలాగే, పీసీఆర్‌లో పట్టీ రాకపోతే ‘ఇంటిగ్రాన్ లేదు’ అని రాయొచ్చా?

సమాధానం: వ్యాకరణంలో తప్పు లేదు. కానీ కర్తలు మూడు రకాలు, చేసే పనులూ మూడు రకాలు. క్రియ దగ్గరే చిక్కు వచ్చింది.

ఇన్సర్షన్ సీక్వెన్సుకు ‘గెంతు’ నప్పుతుంది. అయితే అది చిన్న డీఎన్‌ఏ ముక్క. గెంతించే ట్రాన్స్‌పోజేజ్ ఎంజైము తాలూకు జన్యువు, రెండు చివర్లా తలకిందులుగా ఉండే ఒకే రకం వరుసలు, దాదాపు అంతే దాని ఆస్తి. ఐఎస్26 అనే ఇన్సర్షన్ సీక్వెన్సు పొడవు మొత్తం 820 బేస్ జతలే. మందును తట్టుకునే జన్యువు అందులో లేదు కనుక, ఒంటరిగా ఉన్న ఇన్సర్షన్ సీక్వెన్సు మామూలుగా దేన్నీ ‘మోసుకురాదు’. అలాంటివి రెండు ఒక జన్యువుకు అటూ ఇటూ పడ్డాయనుకోండి, ట్రాన్స్‌పోజేజ్ బయటి చివర్లను పట్టుకుని మధ్యదాన్ని కూడా కలిపి ఎత్తేస్తుంది. అప్పుడది ట్రాన్స్‌పోజాన్. మీ ‘మోసుకొచ్చు’ దానికి అచ్చంగా సరిపోతుంది. రెండు ఐఎస్10ల నడుమ టెట్రాసైక్లిన్‌ను తట్టుకునే జన్యువున్న టీఎన్10 ఇలాంటిదే. కానీ అన్ని ట్రాన్స్‌పోజాన్లూ పాత చోటు ఖాళీ చెయ్యవు. టీఎన్21 ఉన్నచోటే ఉండి, కొత్త చోట నకలు పడుతుంది. దానికి ‘గెంతింది’ అంటే పిల్లలు పాత చోట లేదనుకుంటారు. ‘నకలు వేసింది’ అనండి.

ఇంటిగ్రాన్ తనంతట తాను గెంతదు. దాని క్రియ ‘చేర్చుకొను’. మన ‘కొను’ ఇక్కడ చాలా పని చేస్తుంది: పని చేసేదీ, ఫలితం పొందేదీ ఒకటేనని అదొక్కటే చెప్పేస్తుంది. ఇంటిగ్రాన్‌లో ఇంటిగ్రేజ్ జన్యువు, దాని పక్కనే కొత్తవి అతుక్కునే చోటు, వచ్చినవాటిని పని చేయించే ప్రమోటరు ఉంటాయి. వచ్చేవి జన్యు క్యాసెట్లు. వాటికి సాధారణంగా సొంత ప్రమోటరు ఉండదు. విజయనగరం జంక్షన్లో ఇంజిను లేని పెట్టెలను తగిలించినట్టే, కాకపోతే కొత్త పెట్టె ఎప్పుడూ ఇంజిను పక్కనే తగులుకుంటుంది, పాతవి వెనక్కి జరుగుతాయి. అందుకే ముందున్న క్యాసెట్ గట్టిగా పని చేస్తుంది, వెనకది మెత్తబడుతుంది. వరుసలో జన్యువు ఉందంటే ఆ మందు తప్పక విఫలమవుతుందని రాయకండి.

ఇవి ఒకదానిలో ఒకటి ఎలా ఇముడుతాయో ఆర్100 అనే ప్లాస్మిడ్‌లో, అంటే బాక్టీరియాలో క్రోమోజోముకు వేరుగా ఉండే డీఎన్‌ఏ వలయంలో, చూడవచ్చు. జపాన్‌లో 1950లలో షిగెల్లా బాక్టీరియాలో దొరికింది. రెండు ఐఎస్1ల మధ్య క్లోరాంఫెనికాల్‌ను తట్టుకునే జన్యువూ, టీఎన్21 ట్రాన్స్‌పోజానూ ఉన్నాయి. టీఎన్21లో పాదరసాన్ని తట్టుకునే జన్యువులతో పాటు ఒక ఇంటిగ్రాన్ ఉంది. ఆ ఇంటిగ్రాన్ స్ట్రెప్టోమైసిన్ క్యాసెట్‌ను చేర్చుకుంది. సల్ఫా మందును తట్టుకునే జన్యువు క్యాసెట్ కాదు, ఇంటిగ్రాన్ తోకలోనే ఉంది. ఆ రెండు ఐఎస్1ల బయట, అదే ప్లాస్మిడ్ మీద టీఎన్10 కూడా ఉంది. ఆ ప్లాస్మిడ్ ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి పోతే నాలుగు మందులకూ ఒకేసారి లొంగనితనం వస్తుంది. ఇక్కడ ‘ఒకచోటికి’ అన్న మీ మాట చాలా బాగుంది, ఉంచండి.

ఇంకో మాట. ‘నిరోధక జన్యువు’ అనగానే చదివేవాళ్లకు మన ఒంట్లోని వ్యాధినిరోధక శక్తి తడుతుంది. ఇది బాక్టీరియాకున్నది, మందుకు ఎదురు నిలిచేది. ‘మందును తట్టుకునే జన్యువు’ అంటే గందరగోళం ఉండదు. వాక్యాన్ని ఇలా విడగొట్టండి: ‘ఇంటిగ్రాన్లు మందును తట్టుకునే జన్యువులను చేర్చుకుంటాయి. అలాంటి ఇంటిగ్రాన్లను ట్రాన్స్‌పోజాన్లు మోస్తాయి. రెండు ఇన్సర్షన్ సీక్వెన్సులు అటూ ఇటూ చేరితే మధ్యదంతా కదులుతుంది.’

రెండో సందేహానికి: రాయకూడదు. మొదటి తరగతి ఇంటిగ్రాన్‌కు మామూలుగా వాడే ప్రైమర్లు క్యాసెట్ల వరుసకు రెండు పక్కలా అతుకుతాయి.

```
5'CS  GGCATCCAAGCAGCAAG
3'CS  AAGCAGACTTGACCTGA
```

ఆర్100లోని ఇంటిగ్రానైతే జెల్ మీద సుమారు 1,000 జతల పట్టీ వస్తుంది. క్యాసెట్లు లేని ఖాళీ ఇంటిగ్రాన్ 150 జతల దగ్గర సన్నని పట్టీ ఇస్తుంది, దాన్ని ప్రైమర్ల మిగులనుకుని వదిలేస్తారు. ఐఎస్26 వచ్చి తోకను కోసేసిన ఇంటిగ్రాన్‌లో రెండో ప్రైమరుకు చోటే ఉండదు, పట్టీ రాదు. వరుస మరీ పొడవైనా రాకపోవచ్చు. కాబట్టి ‘ఈ ప్రైమర్లతో పట్టీ రాలేదు’ అని మాత్రమే రాయించి, ఇంటిగ్రేజ్ జన్యువుకు వేరే పీసీఆర్ పెట్టించండి. అదీ రాకపోతే ‘మొదటి తరగతి ఇంటిగ్రాన్ కనబడలేదు’ అనవచ్చు.