చేతికొచ్చే జీతం ఏ భాషలో రాయాలి?

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

జీడిమెట్లలోని ప్యాకింగ్ యూనిట్‌లో నీకు హెచ్ఆర్ బాధ్యత అప్పగించారనీ, ఆరుగురు హెల్పర్ల కోసం ఒకటి, అకౌంట్స్ అసిస్టెంట్ కోసం ఒకటి, మొత్తం రెండు ప్రకటనలు ఈ వారంలో పంపవలసి ఉందనీ రాశావు. వాటిని తెలుగులో రాయాలా, తెలుగూ ఇంగ్లీషూ కలిపి రాయాలా అని అడిగావు. బాలానగర్, చర్లపల్లి ప్రాంతాల్లో చాలా ఏళ్లు ఇదే పని చేసినవాణ్ణి కనుక నాకు తెలిసింది చెబుతాను.

ముందుగా నా వల్ల జరిగిన ఒక పొరపాటు చెప్పాలి. ఒక సంస్థలో పనిచేసేటప్పుడు హెల్పర్ల ప్రకటనలో "సీటీసీ 18,000" అని రాసి వాట్సాప్ గ్రూపుల్లో పంపాను. సీటీసీ అంటే ఒక మనిషి మీద సంస్థకయ్యే మొత్తం ఖర్చు, చేతికొచ్చే జీతం కాదు. చాలామంది వచ్చారు, చేరారు. మొదటి జీతం పడిన రోజున నలుగురు నా బల్ల ముందుకొచ్చి, మిగతా డబ్బు ఎవరు తిన్నారని అడిగారు. నేను అబద్ధం రాయలేదు, కానీ వాళ్లకు అర్థమయ్యే మాట కూడా రాయలేదు.

మీ హెల్పర్ల జీతంతోనే లెక్క వేసి చూడు. కోతలకు ముందు గ్రాస్ 16,000, అందులో బేసిక్ 12,000 అన్నావు. బేసిక్ మీద పన్నెండు శాతం పీఎఫ్ 1,440, గ్రాస్ మీద 0.75 శాతం ఈఎస్ఐ 120, వృత్తి పన్ను 150 పోతే మనిషి చేతికి వచ్చేది 14,290. అదే గ్రాస్‌కు సంస్థ తన వంతుగా కట్టే పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 520 కలిపితే సీటీసీ 17,960 అవుతుంది. ఈ రెండు అంకెల మధ్య తేడా 3,670 రూపాయలు, అంటే షాపూర్‌నగర్‌లో ఒక గదిలో ఇద్దరు కలిసి ఉండేవాళ్లలో ఒకరి వంతు అద్దె దాదాపు అందులోనే ఉంది. సీటీసీ అన్న మాట ఆఫర్ లెటర్లు చూసినవాళ్లకే తెలుస్తుంది. ఆ అనుభవం లేనివాళ్లు ఆ అంకెను జీతమనే అనుకుంటారు.

కనుక భాష ఎంచుకునేటప్పుడు, చదివే మనిషికి ఆ మాట ఇదివరకు ఎక్కడ ఎదురైంది అన్నది చూడాలి. డ్యూటీ, షిఫ్టు, ఓటీ, పీఎఫ్, హెల్పర్ అన్నవి ఇంగ్లీషు మాటలే అయినా హెల్పర్లు రోజూ నోటితో అనేవే. వాటిని తెలుగు అక్షరాల్లో అలాగే రాయి, "సహాయక కార్మికుడు" అని మార్చితే ఏ ఉద్యోగమో తెలియక ఫోను చేసి అడుగుతారు. డబ్బు, సమయం, సెలవు, షరతు మాత్రం పూర్తి తెలుగు వాక్యాల్లో ఉండాలి, ఎందుకంటే తరువాత తగాదా వచ్చేది వాటి మీదనే. హెల్పర్ల ప్రకటన నేనైతే ఇలా రాస్తాను:

"జీడిమెట్లలోని మా ప్యాకింగ్ యూనిట్‌కు ఆరుగురు హెల్పర్లు కావాలి. ఆడవాళ్లు, మగవాళ్లు ఎవరైనా రావచ్చు, 18 ఏళ్లు నిండి ఉండాలి. పీఎఫ్, ఈఎస్ఐ, వృత్తి పన్ను పోగా నెలకు 14,290 రూపాయలు చేతికి వస్తాయి. డ్యూటీ ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు, ఆదివారం సెలవు, ఓటీకి డబుల్. టెన్త్ పాస్ కాకపోయినా పరవాలేదు, పెట్టె మీది లేబుల్ చదవగలగాలి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు తెచ్చుకోండి. ఈ ఉద్యోగానికి ఎవరికీ డబ్బు కట్టనక్కర్లేదు."

దీని కింద ఫోను నంబరూ, ఏ బస్టాపులో దిగి ఎంత దూరం నడవాలో రాయి. చివరి వాక్యాన్ని మాత్రం తీసెయ్యకు. రిజిస్ట్రేషన్ ఫీజు పేరుతో మోసపోయినవాళ్లు ఈ నగరంలో చాలామంది ఉన్నారు, ఆ ఒక్క మాట కోసమే ఫోను చేసేవాళ్లూ ఉన్నారు. "ఆడవాళ్లు" అని విడిగా రాయమన్నదీ ఇలాంటి కారణానికే: "బాయ్స్ కావలెను" అని షట్టర్ల మీద చూసి చూసి, ఆ మాట లేకపోతే తమను పిలవలేదనే అనుకుంటారు.

అకౌంట్స్ అసిస్టెంట్ సంగతి వేరు. ఆ పనిలో ఉన్నవాళ్లు బీకాం చదివి, అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో టాలీ నేర్చుకుని, రోజంతా ఇంగ్లీషు స్క్రీను ముందు కూర్చునేవాళ్లు. వాళ్లలో ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లు తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ, తెలుగు అక్షరాల పేరా కనబడితే చదవడం నిదానమై మధ్యలోనే వదిలేస్తారు. ఇక్కడ కలిపి రాయడమే సరైనది. సాఫ్ట్‌వేర్ పేరూ, జీఎస్టీ రిటర్నుల పేర్లూ స్క్రీను మీద కనిపించినట్లే TallyPrime, GSTR-1, GSTR-3B అని ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచు. ఉద్యోగం వెతికేవాళ్లు అవే అక్షరాలు కొట్టి వెతుకుతారు. పని ఎలా ఉంటుందో మాత్రం తెలుగులో చెప్పు: "TallyPrime లో ఎంట్రీలు, బ్యాంక్ రీకన్సిలియేషన్ సొంతంగా చేయగలగాలి. నెలలో 11, 20 తేదీలకు ముందు రెండు మూడు రోజులు రాత్రి ఎనిమిది దాకా ఉండవలసి రావచ్చు." నెల నెలా రిటర్ను వేసే సంస్థకు GSTR-1 గడువు 11, GSTR-3B గడువు 20 అని తెలిసినవాళ్లు ఆ వాక్యం చూడగానే, రాసినవాళ్లకు పని తెలుసని గ్రహిస్తారు. ఇక్కడ సీటీసీ అని రాయవచ్చు, అయితే పక్కనే చేతికొచ్చేది కూడా రాయి.

తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే రెండు వర్గాలకూ సరిపోతుంది కదా అని నువ్వు అడిగావు. చిన్న జవాబులకు సరిపోతుంది, ప్రకటనకు సరిపోదు. జీతాన్ని ఒకరు jeetam అనీ, ఇంకొకరు jitham అనీ, మరొకరు geetham అనీ రాస్తారు. నెల తరువాత అదే గ్రూపులో ఎవరైనా ఆ మాట వెతికితే నీ ప్రకటన దొరకదు. పైగా kavali అని రాస్తే "కావాలి" అనీ చదవవచ్చు, "కావలి" అనీ చదవవచ్చు. వాచ్‌మన్ ఉద్యోగ ప్రకటనలో ఆ ముక్క చదివి, కావలి ఊరికి వెళ్లాలా అని నెల్లూరు వైపు మనిషి ఒకాయన నాకు ఫోను చేశాడు.

ఒక పరిమితి కూడా గుర్తుంచుకో. జీడిమెట్లలో ఒడిశా నుంచీ, బీహార్ నుంచీ వచ్చి పనిచేసేవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లకు నీ తెలుగు ప్రకటన ఎంత బాగున్నా చేరదు. వాళ్లు కూడా కావాలనుకుంటే అవే షరతులను హిందీలో వాయిస్ మెసేజ్‌గా చెప్పించి పంపు, అంకెల్లో ఒక్క రూపాయి తేడా ఉండకూడదు.

పంపేముందు హెల్పర్ల ప్రకటనను మీ యూనిట్‌లో ఇప్పుడు పనిచేస్తున్న ఒకామె చేత పైకి చదివించు. చదువుతూ ఆమె ఎక్కడ ఆగిందో అక్కడ మాట మార్చు. తరువాత కాగితం పక్కన పెట్టి మూడే మూడు ప్రశ్నలు అడుగు: నెలకు చేతికి ఎంత వస్తుంది, సెలవు ఎప్పుడు, ఎక్కడికి రావాలి. మూడింటికీ తడుముకోకుండా సమాధానం వస్తే ఆ సాయంత్రమే పంపు. "పదహారు వేలు కదమ్మా" అన్నదంటే, గ్రాస్ అంకె ఎక్కడో మిగిలిపోయిందన్నమాట. దాన్ని తీసేసి మళ్లీ ఇంకొకరి చేత చదివించు.

అకౌంట్స్ ప్రకటన రాశాక నాకు పంపు, ఆదివారం చూసి చెబుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న