ఒక్క సాయంత్రం కథ చాలు

"అక్టోబరు 1న వృద్ధుల దినోత్సవానికి మా అమ్మమ్మ, తాతయ్యల గురించి మనవలమందరం కలిసి ఒక పోస్టు పెడదామనుకుంటున్నాం. వాళ్లు చెప్పే కథలు అందులో రావాలి. 'మా ఇంటి దీపం' లాంటి మాటలు తప్ప ఏమీ తోచడం లేదు. ఎవరైనా ఇలాంటిది రాశారా?"

రాశాం. మేం పెద్దమ్మ పిల్లలు, పిన్ని పిల్లలు అంతా కలిపి ఒక బలగం. సగం మంది విజయవాడ, హైదరాబాదుల్లో, ఒకడు డాలస్‌లో. అందరూ తలా ఒక పొగడ్త రాసి పంపితే, పేరు మార్చి ఏ ఇంటి అమ్మమ్మకైనా అంటించగలిగేలా తయారైంది. అది పక్కన పెట్టి మా అమ్మమ్మ చెప్పే ఒకే ఒక్క కథ తీసుకున్నాం. మాది కోడూరు దగ్గరి పల్లె కాబట్టి ఆ కథ ఏదో మీరు ఊహించగలరు: 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన.

ఇలాంటి కథతో మొదటి చిక్కు, అది వందసార్లు చెప్పి చెప్పి నున్నబడి ఉంటుంది. "గాలి, వాన, నీళ్లు, అంతా పోయింది నాన్నా" అని నాలుగు ముక్కల్లో తేల్చేస్తుంది. "అప్పుడు నీకేమనిపించింది?" అని అడిగితే "ఏమనిపిస్తుంది, భయం వేసింది" అంటుంది, అంతే. మా పిన్ని కూతురు వేరే దారి పట్టింది. "ఆ పూట పొయ్యి మీద ఏముంది?" అని అడిగింది. అమ్మమ్మ కాసేపు ఆలోచించి, పొయ్యి రాజుకోనే లేదని, కట్టెలు తడిసి పొద్దున్నుంచి చద్దన్నమే తిన్నారని చెప్పింది. అక్కడి నుంచి కథ తెరుచుకుంది. గాలికి తలుపు ఆగక రోకలి అడ్డం పెట్టారు. మా తాతయ్య తల్లి చూరు పట్టుకుని పశువుల పాక దాకా వెళ్లి గేదె పలుపు విప్పి వచ్చింది. గడప దగ్గర నీళ్లు కనబడితే వాన నీరే అనుకున్నారు. ఒక తుంపర అమ్మమ్మ పెదవి మీద పడింది. ఉప్పగా ఉంది. వచ్చింది సముద్రమని అప్పుడే తెలిసిందట. ఇన్నేళ్లుగా వింటున్న మాకు ఆ ఉప్పు సంగతి అంతవరకు తెలియదు.

కాబట్టి వస్తువుల గురించి అడగండి. పొయ్యి, తలుపు, గొడ్డు, కట్టుకున్న చీర, చేతిలో ఉన్న గిన్నె. తాతయ్య ఉద్యోగం కథైనా సరే, "మొదటి జీతంతో ఏం కొన్నావు, ఏ సంచిలో తెచ్చావు?" అన్న ప్రశ్నకు వచ్చే జవాబు "ఆ రోజులు ఎలా ఉండేవి?" అన్నదానికి రాదు.

రెండో చిక్కు, పెద్దవాళ్ల జ్ఞాపకంలో రెండు సంఘటనలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అమ్మమ్మ ఒకసారి మాటల్లో, "లారీలు వచ్చి మమ్మల్ని బడిలోకి చేర్చాయి, దోవలో మామిడికాయలు రాలి పడి ఉన్నాయి" అంది. మామిడికాయలు నవంబరులో ఉండవు కదా! అది 1990 మే నెలలో మచిలీపట్నం దగ్గర తీరం దాటిన తుపాను. అప్పుడు ముందే హెచ్చరికలు అందడంతో లక్షల మందిని తరలించారు. 1977లో అంత పెద్ద ఎత్తున తరలింపు జరగలేదు, పదివేల మందికి పైగా పోయారు. మరి 1977 సంగతి అని ఎలా రూఢి చేసుకోవాలి? దీపావళి వెళ్లి వారం పది రోజులైందా, చేలో వరి వెన్ను వేసి ఉందా అని అడిగాం. "వెన్ను బరువుకు వంగి ఉంది, కోతకు మనుషుల్ని కూడా మాట్లాడుకున్నాం" అంది. ఇక సందేహం లేదు. తేదీ అడిగితే ఎవరూ చెప్పలేరు. పంట, పండుగ, కడుపున ఉన్న బిడ్డ నెలలు అడిగితే చెబుతారు. కానీ "అమ్మమ్మా, నువ్వు పొరపడ్డావు" అని మధ్యలో అనకండి. ఆ మాటతో ముడుచుకుపోతే ఇక ఆ పూటకు కథ లేనట్టే. మామిడికాయల సంగతి విడిగా రాసుకోండి, అది ఇంకో కథ.

రికార్డింగు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. వీడియో వద్దు, కెమెరా చూడగానే కొంగు సర్దుకుని ఉపన్యాసం మొదలవుతుంది. ఫోను పక్కన తువ్వాలు మీద పెట్టి మాట మాత్రమే రికార్డు చేయండి. సీలింగ్ ఫ్యాను ఆపాలి, దాని హోరులో సగం మాటలు పోతాయి. ఉక్కపోతగా ఉంటే అరగంటకోసారి ఆపి విసరండి. చేతికి చిక్కుడుకాయలో, ఒలవాల్సిన కందికాయలో ఇస్తే మాట ఇంకా సాఫీగా వస్తుంది, ఆ చప్పుడు మాత్రం రికార్డులో పడుతుంది, భరించాలి.

పోస్టు పెట్టే ముందు రాసినదంతా ఆవిడకు చదివి వినిపించండి. దీన్ని మాత్రం ఎవరూ ఎగ్గొట్టకూడదు. నీళ్లు తీశాక శవాల మీది నగలు తీసినవాళ్లెవరో అమ్మమ్మ పేర్లతో సహా చెప్పింది. మా డాలస్ తమ్ముడికి అదే అన్నిటికన్నా ఆసక్తిగా తోచింది. చదివి వినిపిస్తే అమ్మమ్మ, "అది తీసెయ్యండి. వాళ్ల పిల్లలు మన వీధిలోనే ఉన్నారు, మంచివాళ్లు" అంది. తీసేశాం. కథ ఆవిడది, ఊళ్లో బతకాల్సిందీ ఆవిడే.

చివరకు మేం పెట్టింది ఇంతే:

"దీపావళి వెళ్లిన వారానికి ముసురు పట్టింది. కట్టెలు తడిసి పొయ్యి రాజలేదు. సాయంత్రానికి గాలి ముదిరితే తలుపుకు రోకలి అడ్డం పెట్టాం. గడపలోకి వచ్చింది వాన నీరే అనుకున్నాను, పెదవికి తగిలితే ఉప్పగా ఉంది. పక్కింటి డాబా మీదికి ఎలా ఎక్కామో ఇప్పటికీ తెలియదు. తెల్లారి చూస్తే వరి చేను లేదు, మా వీధి లేదు. మూడోనాడు మా గేదె తనంతట తానే వచ్చింది. మా అత్తగారు పలుపు విప్పబట్టి బతికింది. దాని పాలతోనే ఆ నెలంతా నాలుగిళ్ల పిల్లలు గడిపారు. చెరువు నీళ్లు మాత్రం చాలాకాలం నోట పెట్టలేకపోయాం. — మా అమ్మమ్మ, దివిసీమ, 1977 ఉప్పెన గురించి"

దాని కింద మనవల పేర్లు రాశాం. పొగడ్త ఒక్కటీ రాయలేదు. తాతయ్య కథ ఆ ఏడు పెట్టలేదు, ఆయన అలిగాడు కూడా. ఇద్దరినీ ఒకే పోస్టులో ఇరికిస్తే ఇద్దరికీ రెండేసి వాక్యాలే మిగులుతాయి కాబట్టి, మీరు ఎవరి కథ ముందో ఇంట్లో ముందే తేల్చుకోండి. అసలు రికార్డు ఫైలుకు తేదీ, ఊరు, మాట్లాడినవాళ్ల పేరు పెట్టి కనీసం ఇద్దరు మనవల దగ్గర దాచండి. మా దాంట్లో ఒక కాపీ ఫోను మార్చినప్పుడు పోయింది, రెండోది ఉండబట్టి సరిపోయింది.