ఒక్క టిక్కుతో మారిపోయే అక్షరం

ప్రశ్న: ఆఫీసులో పర్సనాలిటీ టెస్ట్ పెట్టారు, నాకు ఇంట్రావర్ట్ అని వచ్చింది. నేనున్నది సేల్స్‌లో. ఉద్యోగం మార్చుకోవాలా? ఈ టెస్టులను ఎంతవరకు నమ్మొచ్చు?

ముందు ఆ షీటులో మీ మార్కులు ఎంతో చూడండి. పైన పెద్దగా అచ్చేసిన మాట పక్కన పెట్టండి.

నేను గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. సీజన్ మొదలయ్యే ముందు మా మేనేజరు విజయవాడ నుంచి ఒక ట్రైనర్‌ని పిలిపించారు. ఆయన సూటూ ఫీజూ గురించి చెప్పాలంటే ఇంకో జవాబు రాయాలి, వదిలేస్తున్నా. అందరి చేతా టిక్కులు పెట్టించి, ఒక్కో గుణానికి ఒక్కో అక్షరం చొప్పున తలా నాలుగు అక్షరాలు పంచి వెళ్లాడు. కొత్తగా చేరిన ఒకమ్మాయికి మొదటి అక్షరం ఇంట్రావర్ట్‌ది వచ్చింది. అంతకుముందు ఆమెను మిర్చి యార్డుకు పంపి, కమీషన్ ఏజెంట్లతో బేరం నేర్పించాలనుకున్నారు. షీటు వచ్చాక, "ఆ అమ్మాయి మనుషులతో కలవదు, లెడ్జర్లు రాయనివ్వండి" అన్నారు మేనేజరు.

నాకు అంకెల పిచ్చి కదా, ఆమె షీటు అడిగి చూశాను. ఆ అక్షరం తేల్చడానికి 21 ప్రశ్నలున్నాయి. ఇంట్రావర్ట్ వైపు 11, అటువైపు 10. ఒక్క టిక్కు అటు పడి ఉంటే ఎక్స్‌ట్రావర్ట్ అయ్యేది, యార్డుకు వెళ్లేది. పక్క సీటాయనకు 19 వచ్చింది. ఆయనా ఇంట్రావర్టే, ఈమె కూడా ఇంట్రావర్టే! అసలు ఈ గుణంలో ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు, రెండు చివర్లలో ఉండేవాళ్లు కొద్దిమంది. గీత గీసేది సరిగ్గా జనం ఎక్కువున్న చోట. అందుకే కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి ఒక అక్షరమైనా మారుతుంది. లెక్క వేసి చూడండి. ఒక్కో అక్షరం నూటికి 85 మందికి మారకుండా నిలిచిందనుకున్నా, నాలుగూ కలిపి 0.85ను నాలుగుసార్లు గుణిస్తే 0.52. అంటే నూటికి 52 మందికే నాలుగక్షరాలూ నిలిచాయి, దాదాపు సగం మందికి పేరు మారినట్టే. అందుకే 'ఇంట్రావర్టా కాదా' అని తేల్చకుండా, ఏ గుణం ఎంత ఉందో మార్కుగా చెప్పే బిగ్ ఫైవ్ లాంటివి నాకు నయమనిపిస్తాయి. వాటిలోనూ రెండు మూడు మార్కుల తేడాను తేడాగా తీసుకోవద్దు.

"కానీ వర్ణన అచ్చం నాలాగే ఉందండీ" అంటారు అందరూ. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ సైకాలజీ లెక్చరరు తన విద్యార్థులకు టెస్ట్ పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకని చెప్పి అందరికీ ఒకే పేరా ఇచ్చాడు. అందులో వాక్యాలు జ్యోతిషం పుస్తకం నుంచి ఏరినవి. ఎంత సరిపోయిందో చెప్పమంటే సగటున 5కి 4 పైనే వేశారు. నచ్చిందంటే నిజమైనట్టు కాదన్నమాట. నాలుగక్షరాల టెస్ట్ అమ్మే కంపెనీ కూడా దీన్ని ఉద్యోగుల ఎంపికకు వాడొద్దంటుంది. మా మేనేజరుకు ఆ మాట చెబితే, "పేపరు మీద రాసుంది కదమ్మా" అన్నారు. ఈమధ్య పెళ్లిచూపుల్లో కూడా ఈ అక్షరాలు అడుగుతున్నారట. జాతకాలు చాల్లేదేమో.

అలాగని ఆ షీటు చించెయ్యమనను. ఆ అమ్మాయితో నేను కూర్చుని, ఇంట్రావర్ట్ వైపు పడ్డ ప్రతి టిక్కు పక్కనా 'ఎక్కడ, ఎవరితో' అని రాయించాను. 'గుంపులో మాట్లాడటానికి వెనకాడతారా?' అనే ప్రశ్న దగ్గర ఆమె మనసులో ఉన్నది మా ఆఫీసు మీటింగు, అదీ చేరిన కొత్తలో. బస్సులో పక్కనవాళ్లతో తెనాలి దాకా కబుర్లు చెబుతుందని వాళ్లమ్మే అన్నది. దాదాపు అన్ని టిక్కులూ పైవాళ్ల ముందు మాట్లాడటం దగ్గరే చేరాయి. అంటే ఆమెకు ఇబ్బంది మేనేజరుతో, మనుషులతో కాదు! మిగిలిన ఒకటి రెండు మాత్రం నిజంగా ఆమె స్వభావమే. రోజంతా మాట్లాడాక సాయంత్రం ఎవరూ పలకరించకూడదు. అది తెలిసింది కాబట్టి ఇప్పుడు వేరే కంపెనీలో మార్కెటింగ్ చేస్తూ, ఫోన్లన్నీ మధ్యాహ్నంలోపే ముగించుకుంటోంది.

మీరూ అలాగే చేయండి. కొన్ని వారాలాగి, మొదటి జవాబులు చూడకుండా మళ్లీ రాయండి. మిమ్మల్ని రోజూ చూసే ఒకరితో మీ గురించి అవే ప్రశ్నలకు టిక్కులు పెట్టించండి. రెండుసార్లూ ఒకేలా ఉండి, వాళ్లదీ కలిసిన జవాబులు ఉంటాయి, వాటి మీదే ఆలోచించండి. రాజీనామా మాత్రం ఇప్పుడే వద్దు. మీ షీటులో అటూ ఇటూ ఎన్నెన్ని వచ్చాయో కింద రాయండి, చూద్దాం. ఆ అంకెలు ఇవ్వకుండా అక్షరాలు మాత్రమే ఇచ్చి ఉంటే, ట్రైనర్‌ని అడిగి తీసుకోండి. ఫీజు కట్టింది మీ కంపెనీయే కదా.